చివరి 40 ప్రశ్నలు గుడ్డిగా నొక్కాను: ఎన్‌క్లెక్స్‌లో నన్ను ముంచింది అదేనా?

నైట్‌డ్యూటీ_సిస్టర్
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఎనిమిదేళ్లుగా చేస్తున్నాను. పోయిన నెల అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ మొదటిసారి రాశాను. ఫెయిల్. ఏడవాల్సిన ఏడుపు అయిపోయింది. ఇప్పుడు అసలేం జరిగిందో తెలుసుకోవాలని ఉంది.

మొత్తం టైమ్ 5 గంటలు, ప్రశ్నలు 85 నుంచి 150 దాకా ఎక్కడైనా ఆగొచ్చు. మా కోచింగ్‌లో "మొదటి 30 ప్రశ్నలే నీ తలరాత, వాటికి రెట్టింపు టైమ్ పెట్టు" అని పదేపదే చెప్పారు. అలాగే పెట్టాను. రెండు గంటలు గడిచి బ్రేక్ కావాలా అని తెర అడిగేసరికి నేను 48వ ప్రశ్న మీద ఉన్నాను. బయటికెళ్లి నీళ్లు తాగి, మళ్లీ అరచేయి స్కాన్ చేయించుకుని కూర్చునేసరికి 12 నిమిషాలు పోయాయి. మూడున్నర గంటలకి 82 అయ్యాయి. 85 దాటినా ఆగలేదు. నాలుగున్నర గంటలకి 110 పూర్తయ్యాయి, ఇంకా 40 ఉండొచ్చు, చేతిలో అరగంట.

అక్కడ కంగారు పడ్డాను. ఖాళీగా వదలకూడదు కదా అని, సగం చదివీ చదవకా, ఒక్కోసారి అసలు చదవకుండానే నొక్కుకుంటూ పోయాను. 150 పూర్తయ్యాక చూస్తే ఇంకా 6 నిమిషాలు మిగిలి ఉన్నాయి. ఫలితంతో వచ్చిన రిపోర్టులో ఎనిమిది విభాగాలుంటే ఐదింటిలో "పాస్ గీతకి దగ్గర" అని, మూడింటిలో "గీతకి కింద" అని ఉంది.

నా ప్రశ్న ఒక్కటే. చివర్లో అలా నొక్కడం తప్పా, లేక 110 దగ్గరే నా పని అయిపోయిందా?

జీఆర్ఈ_బాబు
అక్కా, కష్టమైనవి మార్క్ చేసుకుని చివర్లో వెనక్కి రావాల్సింది. నేను జులైలో జీఆర్ఈ రాశాను, అదీ అడాప్టివే, జవాబుల్ని బట్టి కష్టం మారుతుంది. క్వాంట్‌లో మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలు, 21 నిమిషాలు. ఎటూ తేలని రెండింటిని మార్క్ చేసి, మిగతావి అయ్యాక చూసుకున్నాను. టైమ్ అయిపోతుంటే మిగిలినవాటికి ఏదో ఒకటి పెట్టేయడమే, తప్పుకి మార్కు పోదు. మీరు చేసింది కరెక్టే అనిపిస్తోంది.

డాలస్_అక్క
బాబూ, ఎన్‌క్లెక్స్‌లో వెనక్కి రావడం ఉండదు. జవాబు పెట్టి ముందుకెళ్తే ఆ ప్రశ్న పోయినట్టే. దాటవేయడం కూడా కుదరదు.

సిస్టర్, నేను 2014లో రాశాను. అప్పుడు కనీసం 75, గరిష్ఠం 265 ప్రశ్నలు, 6 గంటలు. టైమ్ అయిపోతే చివరి 60 ప్రశ్నలు చూస్తారు. ఆ 60 మొత్తం గీతకి పైనే ఉండాలి, ఒక్కసారి కిందికి జారినా ఫెయిలే. నువ్వు చివరి 40 గుడ్డిగా నొక్కావు కాబట్టి ఆ 60లో దెబ్బతిన్నావు. అంతే విషయం.

గీతలు_లెక్కలు
పరీక్షల స్కోరింగ్ లెక్కలు చూడటమే నా ఉద్యోగం. ఎన్‌క్లెక్స్ వాళ్ల దగ్గర కాదు, కానీ వాళ్లు నియమాలన్నీ బయటే పెట్టారు కాబట్టి చెప్పగలను.

డాలస్ అక్క చెప్పింది అప్పట్లో నిజం. ఆ "చివరి 60" నియమం ఇప్పుడు లేదు. 2023 ఏప్రిల్‌లో కొత్త ఎన్‌క్లెక్స్ వచ్చాక కనీసం 85, గరిష్ఠం 150, టైమ్ 5 గంటలు. ఇప్పుడు టైమ్ అయిపోతే చూసేది రెండే. 85 చేశావా లేదా? చేయకపోతే ఫెయిల్. చేసి ఉంటే, అప్పటిదాకా పెట్టిన జవాబులన్నీ కలిపి నీ సామర్థ్యం మీద యంత్రానికి ఉన్న అంచనా గీతకి పైన ఉందా, లేదా? పైన ఉంటే పాస్.

కాబట్టి సిస్టర్, మీ ప్రశ్నకి నా జవాబు: 110 దగ్గర మీ అంచనా గీతకి పైన ఉండి ఉంటే, ఆ అరగంట మీరు కుర్చీలో ఊరికే కూర్చున్నా పాస్ అయ్యేవారు. గుడ్డిగా నొక్కిన 40 మిమ్మల్ని కిందికి లాగి ఉండొచ్చు.

జీఆర్ఈ బాబు చెప్పింది జీఆర్ఈకి నూటికి నూరుపాళ్లు కరెక్ట్. అక్కడ మారేది సెక్షన్. మొదటి సెక్షన్ ఎలా చేశావో చూసి రెండో సెక్షన్ ఎంత కష్టంగా ఇవ్వాలో తేలుస్తారు. సెక్షన్ లోపల ప్రశ్నలన్నీ ముందే పేర్చి ఉంటాయి, అన్నిటికీ విలువ సమానం, అందుకే వెనక్కి రానిస్తారు. ఎన్‌క్లెక్స్‌లో ప్రతి జవాబు తర్వాతా అంచనా మారి, దానికి తగ్గట్టు తర్వాతి ప్రశ్న వస్తుంది. రెండిటినీ అడాప్టివ్ అనే అంటారు గానీ, టైమ్ విషయంలో ఒకదాని సలహా ఇంకోదానికి విషమే.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఊరికే కూర్చున్నా పాసా? చదవగానే కడుపు మండిపోయింది సర్. కాస్త వివరంగా చెప్పండి. ఖాళీగా వదిలితే తప్పు కింద లెక్కేయరా?

గీతలు_లెక్కలు
వేయరు. మీ ముందుకి రాని ప్రశ్నని తప్పని ఎలా అంటారు? జీమ్యాట్‌లో అయితే పూర్తి చేయకపోతే స్కోరు తగ్గిస్తారు, అక్కడ చివరిదాకా ఏదో ఒకటి పెట్టాల్సిందే. ఇక్కడ అలా లేదు.

మీరు ఐసీయూలో ఉన్నారు కాబట్టి ఇలా చెప్తాను. బీపీ పెంచే నోరాడ్ డ్రిప్ టైట్రేట్ చేస్తారు కదా. బీపీ చూస్తారు, తక్కువుంటే కాస్త పెంచుతారు, మళ్లీ చూస్తారు, ఎక్కువైతే తగ్గిస్తారు. కాసేపటికి డోస్ ఒక చోట నిలబడుతుంది. ఆ నిలబడిన డోసే పేషెంట్ పరిస్థితి చెప్తుంది, ఎన్నిసార్లు పెంచారు తగ్గించారు అనేది కాదు. ఎన్‌క్లెక్స్ యంత్రం చేసేదీ ఇదే. మీకు సగం సగం అవకాశం ఉన్న ప్రశ్న ఇస్తుంది. కరెక్ట్ అయితే కాస్త కష్టమైనది, తప్పైతే కాస్త తేలికైనది. అందుకే బాగా చేసినవాళ్లకీ, చేయనివాళ్లకీ సుమారు సగం తప్పులే వస్తాయి. ఎన్ని కరెక్ట్ అనేది లెక్క కాదు, ఏ కష్టం దగ్గర సగం సగంగా నిలబడ్డారన్నదే లెక్క.

లెక్కని బాగా సులువు చేస్తే, ప్రతి జవాబు తర్వాత జరిగేది ఇది:

```
కొత్త అంచనా = పాత అంచనా + (x - 0.5) / (0.25 * n)
x: కరెక్ట్ అయితే 1, తప్పైతే 0
n: ఎన్నో ప్రశ్న
```

గీత సున్నా దగ్గర ఉంది. పదో ప్రశ్న తప్పైతే అంచనా 0.2 పడుతుంది. వందోది తప్పైతే 0.02 మాత్రమే.

విజయవాడ_ట్యూటర్
చూశారా, మీ ఫార్ములానే చెప్తోంది. పదో ప్రశ్నకి 0.2, వందో ప్రశ్నకి 0.02. అంటే మొదటి ప్రశ్నలు పదిరెట్లు ముఖ్యం. కోచింగ్ వాళ్లు చెప్పింది తప్పెలా అవుతుంది? నేనూ నా పిల్లలకి అదే చెప్తాను. పాస్ అవుతున్నారు కూడా.

గీతలు_లెక్కలు
మేడమ్, ఈ అపోహ పుట్టేదే అక్కడ. మొదట్లో ముల్లు ఎక్కువ ఊగుతుంది, నిజమే. కానీ ఊగింది ఊగినట్టే ఉండిపోదు.

మొదటి పదిలో టెన్షన్‌తో మూడు చిన్న ప్రశ్నలు పోగొట్టుకున్నారనుకుందాం. అంచనా బాగా పడుతుంది. యంత్రం మీ స్థాయికంటే తేలికైన ప్రశ్నలు ఇస్తుంది. మీకు అవి వచ్చు. పదికి ఏడు, ఎనిమిది కరెక్ట్ పెడతారు, అంచనా మళ్లీ మీ అసలు చోటికి ఎక్కుతుంది. 85 వచ్చేసరికి ఆ తొలి తడబాటు ఆనవాలు పెద్దగా ఉండదు. చివరి అంచనా అన్ని జవాబుల్నీ, ఆ ప్రశ్నల కష్టంతో సహా కలిపి వేసేది. 70 ప్రశ్నల పరీక్షలో ఏదైనా ఒక జవాబు కరెక్ట్ నుంచి తప్పుకి మారితే పోయేది సుమారు 0.06. అది మూడోదైనా, అరవై మూడోదైనా.

గుడ్డిగా నొక్కడంలో ఈ దిద్దుబాటు జరగదు. ప్రశ్న ఎంత తేలికైనా మీరు చదవడం లేదు కదా! నాలుగు ఆప్షన్లలో ఒకటి తగిలే అవకాశం పావు వంతే, కష్టం తగ్గినా అది పెరగదు. అంచనా పడుతూనే ఉంటుంది.

సిస్టర్ కేసుకే వేసి చూపిస్తాను. 150లో 15 ప్రశ్నలకి మార్కులుండవు, భవిష్యత్తు పరీక్షల కోసం పరీక్షించి చూసే ప్రశ్నలు. ఏవి అవో మనకి తెలియదు. అవి ముందే వచ్చేశాయనుకుందాం. అంటే 110 దగ్గర లెక్కలోకి వచ్చినవి 95. అప్పుడు అంచనా 0.30 అనుకుందాం. గీతకి పైనే. మరి యంత్రం ఎందుకు ఆపలేదు? దానికి 95 శాతం నమ్మకం కుదరాలి. 95 ప్రశ్నలకి ఆ నమ్మకం రావాలంటే అంచనా సుమారు 0.34 దాటాలి. 0.30 చాలదు, కాబట్టి ఇంకా అడుగుతోంది.

అక్కడి నుంచి 40 గుడ్డిగా. వాటిలో 10 కరెక్ట్, 30 తప్పు అనుకోండి. పై ఫార్ములాలో 96 నుంచి 135 దాకా కూడితే మొత్తం పడేది 0.35. అంటే 0.30 నుంచి మైనస్ 0.05కి. 150 పూర్తయ్యాక నమ్మకం శాతం చూడరు, గీతకి పైనా కిందా అన్నదొక్కటే. కింద. ఫెయిల్.

నొక్కకుండా ఉండుంటే 0.30 మీదే టైమ్ అయిపోయేది. పాస్.

నైట్‌డ్యూటీ_సిస్టర్
రెండుసార్లు చదివాను. డ్యూటీలో ఉన్నాను, ఇంకోసారి ఇంటికెళ్లి చదువుతాను.

డాలస్_అక్క
నియమం మారిన సంగతి నాకు తెలియదు, సరిదిద్దినందుకు థాంక్స్. మా బ్యాచ్ అంతా ఇప్పటికీ జూనియర్లకి ఆ 60 కథే చెప్తున్నాం!

కానీ సర్, ఒక అనుమానం. అంచనా 0.30 అని మీరు అనుకున్నారు. అది మైనస్‌లో ఉండి ఉంటే? అప్పుడు కూర్చుంటే గ్యారంటీగా ఫెయిలే కదా. నొక్కితే అదృష్టం కలిసిరావచ్చు.

గీతలు_లెక్కలు
మంచి ప్రశ్న. అవును, కింద ఉండి ఉంటే కూర్చున్నా ఫెయిలే. కానీ గుడ్డిగా నొక్కడం అక్కడ కూడా కిందికే లాగుతుంది. పైకి ఎక్కించేది చదివి పెట్టిన జవాబు ఒక్కటే.

అదృష్టం సంగతీ చెప్తాను. 0.30 నుంచి 40 గుడ్డి జవాబులంటే, నా లెక్కలో పదిసార్లకి మూడుసార్లు గీతకి పైనే తేలొచ్చు. అలా తేలినవాళ్లే "నేను చివర్లో అన్నీ నొక్కేశాను, అయినా పాస్" అని రాస్తారు. మిగతా ఏడుగురిలో ఎక్కువమంది ఏమీ రాయరు. ఇది సులువు చేసిన నమూనా అని మళ్లీ చెప్తున్నాను. అసలు పరీక్షలో వర్తించేవన్నీ ఎంచుకునే ప్రశ్నలకి కొంత మార్కు ఇచ్చే పద్ధతి ఉంది, అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. దిశ మారదు.

110 దగ్గర అరగంట ఉంటే చేయాల్సింది: అదే రెండు నిమిషాల నడకతో చదివి చేయడం. ఇంకో 15 అవుతాయి. 125 దగ్గర టైమ్ అయిపోతే అయిపోనీ.

కర్నూలు_కుర్రాడు
నాది 85కే ఆగిపోయింది. తెర ఒక్కసారి ఖాళీ అయ్యేసరికి గుండె ఆగినంత పనైంది. బయటికొచ్చి ఆటోలో కూర్చుని అమ్మకి ఫోన్ చేసి "పోయిందమ్మా" అని చెప్పేశాను. తర్వాత పాస్ అని వచ్చింది. వర్తించేవన్నీ ఎంచుకునే ప్రశ్నలు నాకు చాలా వచ్చాయి, అవి ఎక్కువొస్తే పైస్థాయిలో ఉన్నట్టే అని మా సీనియర్ అన్నాడు. అదే నిజమైంది.

గీతలు_లెక్కలు
పాస్ అయినందుకు అభినందనలు తమ్ముడూ, కానీ సీనియర్ మాట నమ్మొద్దు. ప్రశ్న రూపానికీ కష్టానికీ సంబంధం లేదు. వర్తించేవన్నీ ఎంచుకునేది చాలా తేలికది ఉండొచ్చు, నాలుగు ఆప్షన్ల మామూలు ప్రశ్న చాలా కష్టమైనది ఉండొచ్చు. పైగా మీకు కష్టం అనిపించింది ఆ మార్కుల్లేని 15లో ఒకటేమో.

85కి ఆగడం కూడా రెండువైపులా జరుగుతుంది. లెక్కలోకి వచ్చే 70కి నమ్మకం కుదరాలంటే అంచనా గీతకి 0.39 అయినా దూరంలో ఉండాలి. పైనుంటే పాస్, కిందుంటే ఫెయిల్. 150 దాకా వెళ్లిందంటే గీతకి చాలా దగ్గరగా తచ్చాడుతున్నారని అర్థం, అంతకుమించి ఏమీ లేదు. సిస్టర్ రిపోర్టులో ఐదింటిలో "దగ్గర" అని రావడం దానికి సరిపోతోంది.

మస్కట్_నుంచి
అందరికీ సలాం. నేను ఒమన్‌లో 11 ఏళ్లుగా ఉన్నాను. ఇక్కడి లైసెన్సు పరీక్ష కూడా కంప్యూటర్ మీదే, కానీ అందరికీ నిర్ణీత సంఖ్యలో ప్రశ్నలు, వెనక్కి రావచ్చు. ఆ అలవాటుతో ఎన్‌క్లెక్స్ మాక్ రాస్తే ప్రతి ప్రశ్న దగ్గరా "తర్వాత చూద్దాంలే" అనిపించి చెయ్యి వెనక్కి బటన్ కోసం వెతుకుతోంది. పాస్ అయ్యాక వీసా ఎన్నేళ్లు పడుతోంది ఇప్పుడు? ఈబీ-3 వీసా సంగతి ఎవరికైనా తెలుసా?

డాలస్_అక్క
వీసాకి వేరే చర్చ ఉంది తమ్ముడూ, అక్కడ అడుగు. ఇక్కడ కలిపితే ఈ మాటంతా కొట్టుకుపోతుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇంటికొచ్చి మళ్లీ చదివాను. అర్థమైంది. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు. నొక్కకుండా ఆపాలన్న మాట నాకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అసలు జబ్బు సంగతి. నేను ఆ అరగంట పరిస్థితికి ఎందుకు వచ్చాను? మొదటి రెండు గంటల్లో 48 అంటే ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు. ప్రశ్నలు బయట చెప్పకూడదని సంతకం పెట్టాం కాబట్టి చెప్పను గానీ, నేను ఇరుక్కునే తీరు చెప్తాను. నలుగురు పేషెంట్లలో ముందు ఎవర్ని చూడాలి అన్న రకం. ఇద్దర్ని తేలిగ్గా తీసేస్తాను. మిగతా ఇద్దరి మధ్య కొట్టుకుంటాను. "మా ఐసీయూలో అయితే డాక్టర్ పక్కనే ఉంటాడు, ఆర్డర్ తీసుకుని..." అని మనసు డ్యూటీలోకి వెళ్లిపోతుంది. ఒకసారి పైన ఉన్న గడియారం చూస్తే ఒక్క ప్రశ్న మీద ఐదు నిమిషాలు దాటింది. జవాబు మాత్రం మొదట అనుకున్నదే పెట్టాను.

కర్నూలు_కుర్రాడు
అక్కా, సేమ్ టు సేమ్. నాదీ అదే జబ్బు. నేను మాక్‌లలో ఒక పని చేశాను. ఇద్దరి మధ్యకి వచ్చాక ఒక్కసారే ప్రశ్న మళ్లీ చదవడం, అందులో ఏం అడిగారో వేలు పెట్టి చూసుకోవడం, పెట్టేసి కదలడం. రెండోసారి చదివాక కొత్త సమాచారమేదీ కనబడకపోతే మూడోసారి చదివినా కనబడదు. మొదటి వారం మార్కులు పడ్డాయేమోనని భయమేసింది, కానీ పడలేదు. ఐదు నిమిషాలు పెట్టినవీ, రెండు నిమిషాలు పెట్టినవీ విడిగా రాసుకుని చూశాను. ఎక్కువసేపు పెట్టినవాటిలోనే ఎక్కువ తప్పులున్నాయి.

గీతలు_లెక్కలు
ఆ చివరి మాట జాగ్రత్తగా తీసుకోండి. ఎక్కువసేపు పెట్టింది కష్టమైనవాటికే కదా, కాబట్టి తప్పులు ఎక్కువ ఉండటం మామూలే. కానీ సలహా మంచిదే.

ఇంకొకటి గుర్తుంచుకోండి. ఈ పరీక్షలో ప్రతి ప్రశ్నా మీకు సగం సగంగా ఉండేలా ఏరి తెచ్చింది. అంటే "ఇద్దరి మధ్య కొట్టుకోవడం" మీ లోపం కాదు, యంత్రం తన పని సరిగ్గా చేస్తోందని గుర్తు. మామూలు పరీక్షలో ఇలాంటివి పదికి రెండు వస్తాయి, కాబట్టి వాటికి అదనపు టైమ్ ఇవ్వడం అలవాటు. ఇక్కడ పదికి ఎనిమిది అలాంటివే. అన్నిటికీ అదనపు టైమ్ ఎక్కడి నుంచి తెస్తారు?

విజయవాడ_ట్యూటర్
సరే, మొదటి 30కి రెట్టింపు టైమ్ అన్నది నేను ఇక చెప్పను. కానీ మొదట్లో తొందరపడొద్దు అని మాత్రం చెప్తాను. కుదురుకోకముందే ఐదారు పోగొట్టుకుంటే పిల్ల ధైర్యం పోతుంది, అది మీ ఫార్ములాలో ఉండదు.

గీతలు_లెక్కలు
ఒప్పుకుంటాను. ఉండదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మరి నడక ఎలా పెట్టుకోవాలి? ప్రతి ప్రశ్నకీ గడియారం చూస్తే నాకు పిచ్చెక్కుతుంది.

కర్నూలు_కుర్రాడు
నేను మూడు చోట్ల మాత్రమే చూశాను అక్కా. తెర మీద కనిపించేది మిగిలిన టైమ్ కాబట్టి అలాగే గుర్తుపెట్టుకున్నాను. 30వ ప్రశ్న అయ్యేసరికి 4 గంటల 5 నిమిషాలు మిగలాలి. 60 అయ్యేసరికి 3 గంటల 10. 85 అయ్యేసరికి, మధ్యలో పది నిమిషాల బ్రేక్ కలుపుకుని, 2 గంటల 15. వాళ్లిచ్చే చెరిపి రాసుకునే బోర్డు మీద మొదటి నిమిషంలోనే ఈ మూడూ రాసేశాను. ఆ తర్వాత మధ్యలో గడియారం చూడటమే లేదు.

అలా వెళ్తే 85 తర్వాత మిగిలే 65కి ఒక్కోదానికి రెండు నిమిషాల పైనే వస్తుంది. అలసిపోయేది అక్కడే కాబట్టి టైమ్ అక్కడ ఉండాలి, మొదట్లో కాదు.

కేస్ స్టడీలు మాత్రం ఈ లెక్కని కాస్త చెడగొడతాయి. ఒకే పేషెంట్ మీద వరసగా ఆరు ప్రశ్నలు. మొదటిదానికి నర్స్ నోట్స్, వైటల్స్, ల్యాబ్ రిపోర్టులు అన్నీ తెరిచి చదవాలి, మూడు నాలుగు నిమిషాలు అక్కడే పోతాయి. భయపడకండి. మిగతా ఐదింటికి అదే చార్టు, కొత్తగా చేరిన ముక్క చదివితే చాలు. ఆరూ అయ్యాకే టైమ్ బేరీజు వేసుకోవాలి, మధ్యలో కాదు.

గీతలు_లెక్కలు
దీనికి ఒక చిన్న చేర్పు. ఆ ఆరు ప్రశ్నలు మీ జవాబుల్ని బట్టి మారవు, సెట్టు సెట్టుగా వస్తాయి. కాబట్టి "రెండోది తేలిగ్గా వచ్చింది, మొదటిది తప్పు పెట్టానేమో" అని అక్కడ ఊహించుకోవడంలో అర్థం లేదు. నిజానికి ఎక్కడా ఊహించకూడదు. ప్రశ్న కష్టాన్ని బట్టి తన స్థానం పసిగట్టాలని చూసేవాళ్లు రెండు పనులు చేస్తున్నట్టే, రెండో పనికి ఎవరూ మార్కులివ్వరు.

జీఆర్ఈ_బాబు
బ్రేక్ టైమ్ కూడా ఆ 5 గంటల్లోదేనా? దారుణం.

డాలస్_అక్క
అందులోదే. రెండు గంటలకి ఒకసారి, మూడున్నర గంటలకి ఒకసారి అడుగుతుంది. తీసుకోకపోయినా ఫర్వాలేదు. నేనైతే రెండూ తీసుకున్నాను, లేకపోతే కళ్లు తిరిగేవి. సిస్టర్‌కి 12 నిమిషాలు పోయాయంటే అందులో ఎక్కువ భాగం మళ్లీ లోపలికి వెళ్లే తతంగానికే పోయుంటుంది.

కర్నూలు_కుర్రాడు
నేను తీసుకోలేదు. కూర్చున్నచోటే కళ్లు మూసుకుని ఇరవై సెకన్లు, అంతే. బయటికెళ్లి వస్తే ఊపు పోతుంది.

డాలస్_అక్క
నీకు 23 ఏళ్లు నాయనా.

విజయవాడ_ట్యూటర్
గీతలు గారూ, ఇంకొక అనుమానం. పిల్లలకి "టైమ్ అయిపోతే అయిపోనీ" అని చెప్తే, వాళ్లు 70 దగ్గరే నెమ్మదించి 85 కూడా చేరకపోతే?

గీతలు_లెక్కలు
అందుకే 85 గట్టి గోడ. దాని ముందు టైమ్ అయిపోతే, అంచనా ఎంత పైన ఉన్నా ఫెయిల్. కాబట్టి నేను చెప్పింది 85 దాటాక మాత్రమే. గంట మిగిలి ఉండి ఇంకా 60 దగ్గరే ఉన్నారంటే నడక పెంచాల్సిందే, వేరే దారి లేదు. అప్పుడు కూడా ప్రశ్న చివరి వాక్యం, ఆప్షన్లు అయినా చదివి పెట్టాలి. సగం చదివిన జవాబుకి పావు వంతుకంటే మెరుగైన అవకాశం ఉంటుంది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
వారం తర్వాత మళ్లీ రాస్తున్నాను. మొదటి పరీక్షకీ రెండోదానికీ మధ్య 45 రోజులు ఉండాలి కాబట్టి వచ్చే నెలాఖరుకి తేదీ తీసుకున్నాను. నిన్న నైట్ ఆఫ్‌లో 150 ప్రశ్నల మాక్ పెట్టుకున్నాను. పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి, ఫోన్ బీరువాలో పెట్టి, కాగితం మీద తమ్ముడు చెప్పిన మూడు అంకెలూ రాసుకున్నాను.

30 దగ్గర 3:58 మిగిలింది. ఏడు నిమిషాలు వెనక. 60 దగ్గర 3:02. 85 దగ్గర 2:09. అంటే మొదట్లో పోగొట్టుకున్న ఏడెనిమిది నిమిషాలే, ఆ తర్వాత పెరగలేదు. చివరికి 150 పూర్తయి 4 నిమిషాలు మిగిలాయి, ఒక్కటి కూడా గుడ్డిగా నొక్కలేదు. బ్రేక్ ఒకటే తీసుకున్నాను.

స్కోరు పోయిన మాక్‌కంటే కాస్త తక్కువ వచ్చింది, అది కొంచెం దిగులుగా ఉంది. ఈ మాక్ అడాప్టివ్ కాదు, అందరికీ అవే ప్రశ్నలు. ఆ స్కోరుని ఎంతవరకు పట్టించుకోవాలి గీతలు సర్?

గీతలు_లెక్కలు
నడక చూసుకోవడానికి ఆ మాక్ బాగా పనికొచ్చింది. స్కోరు సంగతి అయితే, ఒక్క మాక్‌కీ ఇంకోదానికీ నాలుగైదు ప్రశ్నల తేడా వస్తే నేనైతే లెక్కచేయను. ప్రశ్నల కష్టం ఒకటేనా అన్నదే తెలియదు కదా. కానీ వరసగా మూడు మాక్‌లలో తగ్గుతూ వస్తే అప్పుడు రాయండి, ఏ విభాగంలో తగ్గుతోందో చూద్దాం.

డాలస్_అక్క
ఆ మూడు "గీతకి కింద" అన్న విభాగాలు ఏవో చెప్పలేదు నువ్వు. ఫార్మకాలజీ ఉందా అందులో?

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఉంది అక్కా. అదీ, ఇన్ఫెక్షన్ కంట్రోల్, మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్. మూడోదే ఎక్కువ భయం. ఎవరి పని ఎవరికి అప్పగించాలి అన్న ప్రశ్నల్లో అమెరికాలో ఆర్ఎన్ కింద పనిచేసే ఎల్‌పీఎన్ నర్సుకి ఏం ఇవ్వొచ్చో మన దగ్గర అలాంటి పోస్టే లేదు కాబట్టి తలకెక్కడం లేదు.

డాలస్_అక్క
దానికి రేపు ఫోన్‌లో కూర్చుందాం. నీ నైట్ డ్యూటీ ఎప్పుడు అయిపోతుందో మెసేజ్ పెట్టు.